ముఖం మారిందా, చూసే కన్ను మారిందా?

మదనపల్లెలో పుట్టిన ఒక పిల్లాడి ముఖాన్ని ఒకరు ‘మందబుద్ధి’ అన్నారు, ఇంకొకరు ‘లోకగురువు’ అన్నారు. ఇద్దరూ చూసింది అదే ముఖం. మంచి మనసు ముఖానికి అందం తెస్తుందన్న మాటలో నిజమెంత?

“అమ్మాయి మనసు చాలా అందమైనదండీ” అని పెళ్లిళ్ల పేరయ్య చెప్పాడంటే, వినేవాళ్లకి ఇంకో సంగతి కూడా తెలిసిపోతుంది. ముఖం అంతంత మాత్రమేనన్నమాట! అంతఃసౌందర్యం అనే గొప్ప మాట మన వాడుకలో ఓదార్పు బహుమతి స్థాయికి దిగిపోయింది. తత్వవేత్తలు మాత్రం రెండున్నర వేల ఏళ్లుగా దీన్ని నిజమైన ప్రశ్నగానే చూస్తున్నారు. ఒక మనిషి గుణం తెలిశాక ఆ మనిషి ముఖం మనకు నిజంగా వేరేగా కనిపిస్తుందా? లేక కనిపించేది అదే అయినా, మర్యాద కోసం మాట మారుస్తామా?

ఈ ప్రశ్నకు మన దగ్గరే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. దాని కోసం మదనపల్లె వెళ్లాను. అక్కడినుంచి పుంగనూరు, కుప్పం మీదుగా తిరిగాను. పుస్తకాల్లో దొరికిన సగం జవాబుకి మిగతా సగం ఆ దారిలో దొరికింది.

అడయారు ఒడ్డున ఒక పిల్లాడు

జిడ్డు కృష్ణమూర్తి 1895 మేలో మదనపల్లెలో పుట్టారు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజంలో సభ్యుడు. తల్లి సంజీవమ్మ 1905లో చనిపోయారు. పిల్లాడికి చిన్నప్పటినుంచీ మలేరియా. బడికి సరిగా వెళ్లలేకపోయాడు, వెళ్లినా చదువు ఎక్కలేదు. తండ్రి ఉద్యోగ విరమణ చేశాక 1909 జనవరిలో కుటుంబం మద్రాసు చేరింది. అడయారులోని దివ్యజ్ఞాన సమాజం ఆవరణ బయట, పాడుబడిన ఒక చిన్న ఇంట్లో కాపురం.

అప్పుడు ఆ పిల్లాడు ఎలా ఉండేవాడో ఆయన జీవితచరిత్ర రాసిన మేరీ లుట్యెన్స్ వివరంగానే చెప్పారు. సరైన తిండి లేక పక్కటెముకలు బయటికి కనిపించేవట. వదలని దగ్గు, వంకర పళ్లు. ఆనాటి బ్రాహ్మణ పిల్లల పద్ధతిలో ముందు తల గొరిగించి, వెనక పొడుగాటి జడ. అన్నిటికంటే ముఖ్యంగా, ఎటో చూస్తున్నట్టుండే శూన్యమైన చూపు. ఎర్నెస్ట్ వుడ్ అనే ఇంగ్లిష్ యువకుడు సాయంత్రాలు ఆ పిల్లాడికి హోంవర్కులో సాయం చేసేవాడు. దగ్గరగా చూసినవాడు గనక ఒక అభిప్రాయానికి వచ్చేశాడు: ఈ పిల్లాడికి బుద్ధి తక్కువ.

అదే ఏడాది వేసవిలో సమాజంలో పెద్ద పేరున్న సి.డబ్ల్యు. లెడ్‌బీటర్ ఈతకు వెళ్తూ అడయారు ఏటి ఒడ్డున ఆ పిల్లాణ్ణి చూశాడు. మనిషి చుట్టూ ఉండే కాంతివలయాన్ని తాను చూడగలనని ఆయన చెప్పుకునేవాడు. ఈ పిల్లాడి కాంతివలయంలో స్వార్థం రవ్వంత కూడా లేదనీ, అలాంటిది తానెన్నడూ చూడలేదనీ, ఇతను గొప్ప గురువు అవుతాడనీ ప్రకటించాడు. హోంవర్కు చెప్పిన వుడ్ బిత్తరపోయాడు. అనిబిసెంట్ అంత గొప్పవాడా అని అడిగితే, అంతకంటే గొప్పవాడని జవాబొచ్చింది.

తర్వాత జరిగింది చాలామందికి తెలుసు. పిల్లాణ్ణీ తమ్ముడు నిత్యనూ చేరదీశారు. స్నానాలు, మంచి తిండి, ఈత, టెన్నిస్, సైకిలు, ఇంగ్లిష్ పాఠాలు. ముందు తల గొరగడం మానేసి జుట్టు భుజాల దాకా పెంచారు. 1910 ప్రాంతపు ఫొటోలు చూడండి. పెద్ద పెద్ద కళ్లు, తీర్చినట్టున్న ముఖం. చూపు తిప్పుకోలేం. దశాబ్దాల తర్వాత బెర్నార్డ్ షా అంతటివాడు, తాను చూసిన మనుషుల్లోకెల్లా అందమైనవాడు కృష్ణమూర్తే అన్నాడని చెబుతారు.

చూశారా, లోపలి వెలుగు చివరికి బయటపడింది అని భక్తులు అంటారు. మదనపల్లెలో నేను మాట్లాడిన రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన నవ్వి, “లోపలి వెలుగు సంగతి తర్వాత చూద్దాం లెండి. మలేరియా తగ్గి, కడుపునిండా తిండి పెడితే ఏ పిల్లోడైనా నిగనిగలాడతాడు కదా సార్?” అన్నారు.

మూడు దారాలు విడదీస్తే

ఆ మాట దగ్గర ఆగి ఆలోచించాలి. ఒక ముఖం అందంగా మారింది అన్నప్పుడు మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, ముఖమే మారి ఉండొచ్చు. ఆరోగ్యం, జుట్టు, పళ్లు, కాస్త ధైర్యం వచ్చాక నిటారుగా నిలబడటం, ఇవన్నీ కెమెరాకు కూడా చిక్కే మార్పులు. రెండు, చూసేవాళ్లకు ఆ మనిషి నడవడిక తెలిసి, వాళ్ల చూపు మారి ఉండొచ్చు. మూడు, ఆ మనిషి గురించి ఎవరో ముందే చెప్పిన మాట చెవిలో ఉండి, కళ్లు దాన్నే వెతుక్కుంటూ ఉండొచ్చు.

అంతఃసౌందర్యం అనదగినది రెండోదే. మొదటిది పోషణ, మూడోది ప్రచారం.

ఈ కొలతతో చూస్తే అడయారు కథ వేరేగా కనిపిస్తుంది. ఆ పిల్లాడి నడవడిక రోజూ చూసినవాడు వుడ్. కానీ అతనికి ఏ అందమూ కనపడలేదు. లెడ్‌బీటర్‌కి పిల్లాడి గుణం గురించి ఏమీ తెలియకముందే అంతా కనపడింది. అదేమీ తప్పిపోని చూపు కూడా కాదు. అంతకుముందు ఇదే స్థానానికి హ్యూబర్ట్ వాన్ హుక్ అనే అమెరికా పిల్లాణ్ణి ఎంచుకున్నది కూడా ఆయనే. ఆ పిల్లాడు అడయారు చేరేసరికి ఆ స్థానం కృష్ణమూర్తిదయింది.

భక్తుల సంగతీ అంతే. 1911 మేలో కృష్ణమూర్తి మొదటిసారి లండన్ చేరినప్పుడు స్టేషన్‌కి వెళ్లినవాళ్లలో ఎమిలీ లుట్యెన్స్ ఒకరు. తర్వాత ఆయన్ని కన్నకొడుకులా చూసుకున్న మనిషి. ఆ రోజు తనకు కనిపించిన పెద్ద నల్లటి కళ్ల గురించి రాస్తూ, ఆ చూపు శూన్యంగా ఉందని కూడా ఆమె దాచకుండా రాశారు. అంటే అడయారులో మందబుద్ధి అనిపించిన చూపే లండన్ దాకా వచ్చింది. కాకపోతే ఇప్పుడది లోకగురువు చూపు. అదే శూన్యం ఒకరికి తెలివితక్కువతనం, ఇంకొకరికి ఈ లోకానికి అతీతమైన నిర్మలత్వం.

కాబట్టి కృష్ణమూర్తి ముఖం కథ అంతఃసౌందర్యానికి సాక్ష్యం కాదు. తిండికీ, ముందస్తు నమ్మకానికీ సాక్ష్యం. మరి రెండో దారం, నడవడిక తెలిసి చూపు మారడమన్నది అసలు ఉందా?

పడవ నడిపినవాళ్లూ, మట్టి తవ్వినవాళ్లూ

దీన్ని పరీక్షించాలంటే ముఖం మారకూడదు, తెలిసిన సంగతి మాత్రమే మారాలి. 1977లో అమెరికాలో నిస్బెట్, విల్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయత్నం చేశారు. యాసతో ఇంగ్లిష్ మాట్లాడే ఒక అధ్యాపకుడితో రెండు వీడియోలు తీశారు. ఒకదాంట్లో ఆయన విద్యార్థులంటే ఇష్టమున్నవాడిగా, రెండోదాంట్లో చిరాకుపడే నియంతగా మాట్లాడాడు. మొదటి వీడియో చూసినవాళ్లలో ఎక్కువమందికి ఆయన రూపం, హావభావాలు, యాస అన్నీ నచ్చాయి. రెండోది చూసినవాళ్లకు అవే చికాకు తెప్పించాయి. మనిషి అదే, యాస కూడా అదే. విచిత్రమేమంటే, ఆయన మీద అయిష్టం వల్ల రూపం నచ్చలేదని వాళ్లు గుర్తించలేదు. రూపం, యాస నచ్చకపోవడం వల్లే ఆయన నచ్చలేదని అనుకున్నారు.

కానీ ఇందులో ఒక లొసుగుంది. ప్రేమగా మాట్లాడేటప్పుడు ముఖం కూడా ప్రేమగానే కదులుతుంది. అంటే ముఖం కొంచెం మారినట్టే లెక్క. ఆ లొసుగును పూడ్చినవాళ్లు కెవిన్ నిఫిన్, డేవిడ్ స్లోన్ విల్సన్. 2004లో అచ్చయిన వాళ్ల వ్యాసంలో మూడు ప్రయోగాలున్నాయి. మొదటిదాంట్లో పెద్దవాళ్లకు వాళ్ల హైస్కూల్ ఫొటోల పుస్తకం ఇచ్చి, ఒక్కొక్క సహాధ్యాయి రూపానికి మార్కులు వేయమన్నారు. ఎవరంటే ఎంత ఇష్టం, ఎంత గౌరవం అని కూడా అడిగారు. తర్వాత అవే ఫొటోలు, అదే వయసున్న కొత్తవాళ్లకు చూపించారు. ఎరిగినవాళ్ల మార్కులకూ కొత్తవాళ్ల మార్కులకూ తేడా వచ్చింది. ఆ తేడా ఇష్టాన్నీ గౌరవాన్నీ బట్టి నడిచింది. ఫొటో మాత్రం ఒక్కటే.

రెండోది ఒక కాలేజీ పడవ పందేల జట్టు. జట్టులో కష్టపడేవాడికీ, పని ఎగ్గొట్టేవాడికీ రూపం మార్కుల్లో చాలా దూరం వచ్చింది. బయటివాళ్లకు వాళ్లిద్దరిలో అంత తేడా కనపడలేదు. మూడోది ఆరు వారాల పురావస్తు తవ్వకాల కోర్సు. మొదటి రోజు ఎవరికీ ఎవరూ తెలియదు. ఆ రోజూ, చివరి రోజూ రూపానికి మార్కులు వేయించారు. మొదట తక్కువ మార్కులొచ్చిన ఒక అమ్మాయి, అందరికంటే బాగా పనిచేసి అందరికీ ఇష్టమైంది. ఆఖరి రోజుకి ఆమె మార్కులు బాగా పెరిగాయి.

ఇది చాలా చిన్న ప్రయోగమే. ఆరు వారాల్లో ఆ అమ్మాయి ముఖం ఎండకు ఇంకాస్త నల్లబడి ఉంటుందే తప్ప తీరు మారి ఉండదు. మారింది చుట్టూ ఉన్నవాళ్లు ఆమెతో గడిపిన కాలం.

“అప్పుడు కూడా ఇట్టనే ఉండాను అత్తా!”

పుంగనూరులో ఒక పాత ఫొటో స్టూడియోకి వెళ్లాను. ఫొటోలు తీసేవాళ్లకంటే ముఖాల గురించి ఎవరికి ఎక్కువ తెలుసు? యజమాని యాభై ఏళ్లు దాటిన మనిషి. పెళ్లిసంబంధాల ఫొటోలు ఎన్ని తీశాడో లెక్కలేదన్నాడు.

“ఫొటో బాగా వచ్చిందని నేను అనుకుంటా సార్. రంగు తేల్చి, మచ్చలు తీసేసి ఇస్తా. బయటోళ్లు బ్రహ్మాండం అంటారు. వాళ్లమ్మ మాత్రం చూసి, ‘ఇది మా పాప కాదబ్బా’ అంటాది. ఆ పాప నవ్వేటప్పుడు ఒక కన్ను కొంచెం మూసుకుంటాది. అది నేను సరిచేసినా. వాళ్లమ్మకు అదే కావాల” అన్నాడు.

ఎరగనివాడికి ముఖమంటే ఆగిపోయిన బొమ్మ. ఎరిగినవాళ్లకు అది కదిలే ముఖం. జర్మన్ తత్వవేత్త షిల్లర్ 1793లో రాసిన ఒక వ్యాసంలో ఇలాంటి తేడానే చెప్పాడు. ప్రకృతి ఇచ్చిన కట్టుబడి ఒక అందం. మనిషి తన స్వభావం వల్ల కదలికల్లో తెచ్చుకునేది ఇంకో అందం, దానికి లాలిత్యం అని పేరు పెట్టుకోవచ్చు. మన తెలుగులో ‘కళ’ అనే మాట ఉండనే ఉంది. ముఖం అందంగా ఉన్నా కళ లేదంటాం. అందం లేకపోయినా కళగల ముఖం అంటాం.

నేను అక్కడ ఉండగానే ఒక పెద్దావిడ, ఆమె కోడలు వచ్చారు, పాత పెళ్లి ఫొటో పెద్దది చేయించుకోడానికి. మాటల్లో నా పని ఏమిటో తెలిసి పెద్దావిడ తనే మొదలుపెట్టింది.

“ఈ పాపను చూసేదానికి పోయిన పొద్దు నాకు నచ్చలేదు నాయనా. నలుపు, పళ్లెత్తు. మావోడే పట్టుబట్టినాడు. నాలుగైదేండ్లు మనసులో అదే పెట్టుకోనుండాను. ఇప్పుడు ఈ ఫొటోలో చూస్తే, ఎంత చక్కగా ఉండాదో అనిపిస్తాంది.”

కోడలు ఫొటో మీంచి తలెత్తకుండానే అంది. “అప్పుడు కూడా ఇట్టనే ఉండాను అత్తా!”

అందరం నవ్వాం. కానీ నాకు ఆ మాట చాలాసేపు వదల్లేదు. అత్త చెప్పింది నిజం. ఆమె కన్ను నిజంగానే మారింది. కోడలు చెప్పిందీ నిజమే. ఆ మార్పు రావడానికి పట్టిన నాలుగైదేళ్ల ధర కట్టింది కోడలు. ముఖం బాగున్నవాళ్లకు మొదటి రోజే దక్కే ఆదరణ, మిగతావాళ్లు చాకిరీ చేసి, ఓర్పు పట్టి, మంచితనం రుజువు చేసుకుంటేగానీ దక్కదు. అంతఃసౌందర్యాన్ని పొగిడేటప్పుడు ఈ సంగతి మరిచిపోతాం.

ఐరిస్ మర్డోక్ చెప్పిన అత్తాకోడళ్లు

ఆశ్చర్యమేమంటే, ఇరవయ్యో శతాబ్దపు తత్వశాస్త్రంలో బాగా పేరుపడిన ఉదాహరణల్లో ఒకటి అత్తాకోడళ్ల కథే. చెప్పింది ఇంగ్లిష్ రచయిత్రి, తత్వవేత్త ఐరిస్ మర్డోక్. 1970లో వచ్చిన ఆమె పుస్తకంలో ఉంది. ఒక అత్తకు కోడలు మంచిదేగానీ మోటుగా, మర్యాద తెలియనిదిగా, చిన్నపిల్ల చేష్టలు పోనిదిగా కనిపిస్తుంది. అత్త పెద్దింటి మనిషి. పైకి ఒక్క మాట తూలదు, చూపు తేడా రానివ్వదు. లోపల మాత్రం కొడుకు తన స్థాయికి తగనిదాన్ని చేసుకున్నాడనే బాధ. కొంతకాలానికి ఆమెకే అనుమానం వస్తుంది. నాది పాతకాలం బుద్ధేమో, కొడుకు దూరమయ్యాడన్న అసూయేమో, మళ్లీ చూద్దాం అనుకుంటుంది. అలా చూడగా చూడగా కోడలి మోటుతనం నిష్కపటంగా, గోల హుషారుగా కనిపిస్తాయి.

ఇక్కడ మర్డోక్ ఒక మెలిక పెట్టింది. ఈ లోపల కోడలు విదేశానికి వెళ్లిపోయిందనో, చనిపోయిందనో అనుకోమంది. అంటే కోడలు కొత్తగా చేసిన సేవ ఏదీ లేదు. అత్త ప్రవర్తనలోనూ మార్పు లేదు. మారింది అత్త చూపు ఒక్కటే. ఆ చూపు మార్చుకోవడం కూడా ఒక పనేననీ, నీతికి సంబంధించిన పనేననీ మర్డోక్ వాదన. మర్డోక్ మాట్లాడింది ప్రధానంగా గుణం గురించి. కానీ పుంగనూరు పెద్దావిడ మాట విన్నాక, అది ముఖానికీ వర్తిస్తుందనిపించింది.

పుంగనూరు కోడలికి జవాబు కూడా ఇందులోనే ఉంది. అందం రుజువు చేసుకోవాల్సిన బరువు చూడబడే మనిషిది కాదు, చూసే మనిషిది.

ఇదే మర్డోక్ 1984 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని బ్రాక్‌వుడ్ పార్క్‌లో మన మదనపల్లె కృష్ణమూర్తితో కూర్చుని సంభాషించింది. అది వీడియోగా ఉంది. అప్పటికి ఆయనకు 89 ఏళ్లు. లోకగురువు పీఠాన్ని 1929 ఆగస్టులోనే వదిలేసి, ఆ సంఘాన్నే రద్దు చేసి, అర్ధశతాబ్దం దాటింది. ఈ దశాబ్దాల్లో ఆయన పదేపదే చెప్పిన మాట ఒకటుంది: భార్య గురించి భర్త, భర్త గురించి భార్య ఒక బొమ్మ కట్టుకుంటారు, ఆ తర్వాత ఆ బొమ్మలే మాట్లాడుకుంటాయి తప్ప మనుషులు కాదు. తన ముఖం మీద ఇతరులు కట్టిన బొమ్మలతోనే పెరిగిన మనిషికి ఆ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది?

కుప్పంలో ఒక సామెత

కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే టీకొట్టు దగ్గర వినిపిస్తాయి. ముఖం గురించి అడగ్గానే అక్కడ ఒక మాస్టారు తమిళ సామెత అందుకున్నారు: “అగత్తిన్ అళగు ముగత్తిల్ తెరియుం.” లోపలి అందం ముఖంలో తెలుస్తుందని అర్థం. మనం ముఖం మనసుకు అద్దం అంటాం కదా, అదే.

“అయితే మాస్టారూ, ముఖం చూసి మంచివాణ్ణి పట్టుకోవచ్చా?” అన్నాను.

“పట్టుకోలేంలే నాయనా. నలభై ఏండ్లు పాఠం చెప్పినాను. దొంగెవడో ముఖం చూసి చెప్పిన ప్రతిసారీ తప్పే అయింది. కోపమొచ్చిందా, ఏడ్చినాడా, అది తెలుస్తాది. గుణం తెల్లారేసరికి తెలిసేది కాదు.”

సామెతలో తికమక ఇక్కడే ఉంది. ఆ క్షణాన ఉన్న భావం ముఖంలో తెలుస్తుంది. గుణం ముఖంలోంచి చదవడం వేరే పని. అది ఎన్నిసార్లు బెడిసికొట్టిందో! గ్రీకు దేశంలో జోపైరస్ అనే ముఖలక్షణ పండితుడు సోక్రటీస్ ముఖం చూసి, ఇతను మందబుద్ధి, స్త్రీలోలుడు అన్నాడని సిసిరో రాశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సోక్రటీస్ మాత్రం, ఆ గుణాలు నాకు పుట్టుకతో ఉన్నవే, వివేకంతో వదిలించుకున్నాను అన్నాడట. ఆయన చప్పిడి ముక్కు, ఉబ్బిన కళ్ల గురించి ప్లేటో రచనల్లోనే వేళాకోళాలున్నాయి. శిష్యుడు అల్సిబయడీస్ ఆయన్ని వికారంగా చెక్కిన ఒక తరహా బొమ్మతో పోల్చాడు. తెరిచి చూస్తే లోపల దేవతా విగ్రహాలుంటాయి. గమనించండి, ముక్కు చక్కబడిందని ఆ శిష్యుడు అనలేదు. తెరిచి చూడాలన్నాడు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. ఒకే పొడవున్న రెండు గీతలు గీసి, ఒకదాని చివర్లకు బాణాలు బయటికి, రెండోదానికి లోపలికి పెడితే, ఒకటి పొడవుగా కనిపిస్తుంది. స్కేలుతో కొలిచి రెండూ సమానమని తెలుసుకున్నా అలాగే కనిపిస్తుంది. తెలిసినదాన్ని బట్టి కంటికి కనిపించేది మారదు. అలాంటప్పుడు గుణం తెలిసినంత మాత్రాన ముఖం ఎలా మారి కనిపిస్తుంది?

నాకు తోచిన జవాబు పుంగనూరు స్టూడియోలోనే ఉంది. గీతలో చూడటానికి ఇంకేమీ లేదు. ముఖంలో ఒకేసారి చూడలేనన్ని ఉన్నాయి. పెళ్లిచూపుల రోజు ఆ అత్త కళ్లు పళ్ల మీద ఆగాయి. ఏళ్లు గడిచాక ఆ నవ్వు మీద, మాట వినేటప్పుడు ముందుకు వంగే తల మీద ఆగుతున్నాయి. పళ్లు ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు వాటిని ప్రత్యేకంగా ఎవరూ చూడటం లేదు. గుణం ముఖాన్ని మార్చదు. ముఖంలో మన కన్ను ఆగే చోటు మారుస్తుంది.

ఎలా పోల్చుకోవాలి?

ఇదే దారిలో మోసం కూడా వస్తుంది. ఒక నాయకుడి ముఖంలో, ఒక బాబా ముఖంలో తేజస్సు కనిపించిందంటే మొదట అడగాల్సింది, ఆ మనిషి మంచివాడన్న సంగతి నాకెలా తెలిసింది అని. పక్కన ఉండి చూసి తెలుసుకున్నానా, లేక ముందే ఎవరో చెప్పారా? లెడ్‌బీటర్ మాట విన్నాక ముఖం చూసినవాళ్లకు తేజస్సు కనిపించడంలో వింత లేదు. రెండోది, ఆ మనిషి వల్ల నాకేమైనా లాభముందా? కృతజ్ఞత కూడా కంటికి రంగేస్తుంది. మూడోది, ఆ మనిషి కిందివాళ్లకు, అంటే డ్రైవరుకో వంటమనిషికో ఆ ముఖం ఎలా కనిపిస్తోంది? పడవ జట్టులో పని ఎగ్గొట్టేవాణ్ణి పసిగట్టింది పక్కన తెడ్డు వేసినవాళ్లే.

కావాలంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. పదో తరగతి గ్రూప్ ఫొటో బయటికి తీయండి. ఒక్కొక్కరికీ రూపానికి పదికి ఎన్ని మార్కులో కాగితం మీద రాయండి. తర్వాత ఆ బడి ముఖమే ఎరగని, మీ ఈడు స్నేహితులెవరినైనా పిలిచి, మీ కాగితం చూపించకుండా వాళ్లచేత కూడా మార్కులు వేయించండి. తేడా ఎక్కువ వచ్చిన పేర్లు ఒక పక్కన రాసుకోండి. మీరు ఎక్కువ వేసినచోట ఎవరో పెన్ను ఇచ్చిన, టిఫిన్ పంచిన జ్ఞాపకం ఉండొచ్చు. మీరు తక్కువ వేసినచోట మాత్రం కాసేపు ఆగండి. ఆ పిల్లో పిల్లాడో మీకేం చేశారు? నిజంగా ఏమైనా చేశారా, లేక అప్పట్లో క్లాసులో అందరూ అనుకున్న మాటేదో ఇప్పటికీ మీ కంట్లో ఉండిపోయిందా?